తాజ్‌మహల్ డబ్బా పుట్టిల్లు

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌లో చదువు మొదలుపెట్టిన రెండో ఏడాది నవంబరులో, ఒక శనివారం, వాన తప్పించుకోవడానికి పాత సామాన్ల దుకాణంలో దూరాను. ఆరెగాన్‌ వానకు మన వానల జోరు ఉండదు. ఉరుము లేదు, మెరుపు లేదు, పొద్దున మొదలైన తుంపర రాత్రి దాకా విసుగు లేకుండా పడుతూనే ఉంటుంది. సెల్‌వుడ్ అనే ఆ పేటలో పదమూడో అవెన్యూ పొడుగునా ఇలాంటి దుకాణాలే. పింగాణీ కప్పులు, ఇత్తడి దీపాలు, ఎవరి పెళ్లివో తెలియని పెళ్లి ఫొటోలు. ఏదీ కొనే ఉద్దేశం లేదు, కొనే స్తోమత అంతకన్నా లేదు.

వెనక గదిలో ఒక అద్దాల బీరువా అడుగు అరలో నల్లటి డబ్బా కనిపించింది. రెండు కళ్లకు రెండు గాజులు, కుడి పక్క ఒక మీట, పైన సన్నటి చీలిక. చేతిలో గొడుగు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మా ఇంట్లో తాజ్‌మహల్ డబ్బా అనేవాళ్లం దాన్ని. తెనాలిలో మా నాయనమ్మ బీరువాలో, పట్టుచీరల కింద ఉండేది. తాతయ్య రైల్వేలో పనిచేస్తూ 1970లలో బొంబాయి వెళ్లినప్పుడు కొన్నదట. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పూట, భోజనాలయ్యాక, చేతులు కడుక్కుని తుడుచుకుంటేనే ఇచ్చేది. పైన చీలికలో అట్ట చక్రం దూర్చి, వెలుతురు వైపు తిప్పి చూస్తే తాజ్‌మహల్ కళ్ల ముందు లేచి నిలబడేది. మీట నొక్కితే ఇంకో బొమ్మ. మూడో బొమ్మలో గుమ్మటం పక్కన తెల్లగా ఒక చుక్క మిలమిలలాడేది. అది వేగుచుక్క అని నాయనమ్మ చెప్పింది. మేము నమ్మాం.

ఆ డబ్బాకు అసలు పేరేమిటో, ఎవరు చేశారో మాకెవరికీ తెలియదు, అడగాలని తోచనూ లేదు. దుకాణం చీటీ మీద కూడా ‘పాత వ్యూయర్, 18 డాలర్లు’ అని మాత్రమే ఉంది. ఫోను తీసి అద్దంలోంచే ఒక ఫొటో తీసి ఇంటికి వచ్చేశాను.

ఆ ఫొటో ఎందుకూ పనికిరాలేదు. నల్లటి వస్తువు, నల్లటి అర, ముందు అద్దం. ఫొటోలో అన్నిటికన్నా స్పష్టంగా కనబడింది నా గొడుగే. బొమ్మతో వెతికే పద్ధతిలో ఇంటర్నెట్టులో పెట్టి చూస్తే ‘వ్యూ-మాస్టర్’ అనే పేరు మాత్రం వెంటనే దొరికింది. కానీ దానితోపాటు గుండ్రటివి, పలకగా ఉన్నవి, ఎర్రవి, గోధుమరంగువి, దీపం ఉన్నవి, లేనివి అన్నీ కలిసి వరద కట్టాయి. నేను చూసింది వాటిలో ఏదో చెప్పడానికి ఆ ఒక్క ఫొటోలో ఆధారమే లేదు. పేరు తెలియడం వేరు, ఆ వస్తువు ఫలానా చోట ఫలానా కాలంలో పుట్టిందని చెప్పగలగడం వేరు. రెండోదానికి ఫొటో తీయవలసింది ముఖం కాదు, అడుగు.

మరుసటి శనివారం మళ్లీ వెళ్లాను. ఈసారి దుకాణం నడిపే పెద్దావిడను అడిగాను, బయటికి తీసి ఫొటోలు తీసుకోవచ్చా అని.

“కొంటావా?” అందావిడ.

“ఇప్పుడే చెప్పలేనండీ. చిన్నప్పుడు మా ఇంట్లో ఇలాంటిదే ఉండేది. ఇండియాలో.”

“ఇండియాలోనా?” అని బీరువా తాళం తీసింది. కిటికీ దగ్గర బల్ల చూపించింది.

నల్లటి వస్తువు మీద నల్లగా ఉబ్బెత్తుగా పోసిన అక్షరాలను ఫొటో తీయడం ఒక చిన్న విద్య. ఎదురుగా వెలుతురు పడితే అక్షరాలు మాయమవుతాయి. ఫోను ఫ్లాష్ వాడితే మెరుపు తప్ప ఏమీ రాదు. కింద తెల్ల కాగితం పరిచి, టార్చిని దాదాపు బల్లకు ఆనించి పక్క నుంచి వెలుతురు వేస్తే అక్షరానికి నీడ పడుతుంది. మనం చదివేది అక్షరాన్ని కాదు, దాని నీడను. మా ఊళ్లో శాసనాలు చదివే మాస్టారు ఒకాయన సాయంత్రం ఎండలోనే రాయి దగ్గరికి వెళ్లేవారు. ఎందుకో ఆ రోజు అర్థమైంది. ముందు, వెనక, అడుగు, మీట, చీలిక ఒక్కొక్కటి విడిగా తీశాను. సైజు తెలియడానికి పక్కన ఒక నాణెం పెట్టాను.

పక్క వెలుతురులో అడుగున ఉన్న అక్షరాలు లేచాయి: సాయర్స్ ఇన్‌కార్పొరేటెడ్, పోర్ట్‌లాండ్, ఆరెగాన్. దాని కింద ఒక పేటెంటు నంబరు.

రెండుసార్లు చదివాను. నేను నిలబడి ఉన్న ఊరే అది. పన్నెండు వేల కిలోమీటర్ల పైన దాటి వచ్చి, నాయనమ్మ బీరువాలోని డబ్బా పుట్టింటి గుమ్మంలో నిలబడ్డానన్నమాట. దుకాణం ఆవిడకు చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. “అవును, ఇక్కడివే. మా పిన్ని ఆ ఫ్యాక్టరీలో పనిచేసింది” అంది, ఏదో కూరగాయల ధర చెప్పినట్టు.

ఆ తర్వాత డబ్బాను నా చేతిలో పెట్టి, బొటనవేలితో ఒకచోట గట్టిగా రుద్దమంది. అర నిమిషం రుద్ది వాసన చూస్తే ఆసుపత్రి వాసన లాంటిది ఘాటుగా తగిలింది. బేకలైట్ అంది. మన పాత ఇళ్లలో నల్లటి గుండ్రటి స్విచ్చులు ఉండేవి చూడండి, అదే సరుకు. ఫినాలు, ఫార్మాల్డిహైడ్ కలిపి వేడిమీద అచ్చులో నొక్కి చేస్తారు. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, రుద్ది వేడెక్కిస్తే ఆ వాసన బయటికి వస్తుంది. మామూలు ప్లాస్టిక్కుకు ఆ వాసన ఉండదు. ఇది పక్కా పరీక్ష అని చెప్పను, వాసన పోగొట్టుకున్న పాతవి ఉంటాయి. కానీ చేతిలో బరువు, వాసన రెండూ కలిస్తే నమ్మవచ్చు.

18 డాలర్లకు కొనేశాను. ఆ వారం బయట కాఫీలు మానేశాను.

ఇక్కడి నుంచి మొదలైంది నా తప్పుల వరస.

మొదట గూగుల్ పేటెంట్స్‌లో `US2189285A` అని కొట్టాను. పేటెంటు తెరుచుకుంది. విలియం గ్రూబర్ అనే ఆయన పేరు మీద 1940 ఫిబ్రవరిలో ఇచ్చినది. అంతే, నా డబ్బా 1940 నాటిదని తేల్చేసి, తెనాలిలో అమ్మకు ఫోను చేసి మరీ చెప్పాను. రెండు రోజులు ఆ గర్వంతో తిరిగాను. తర్వాత, పాత వ్యూయర్లు సేకరించే ఒకాయనకు ఫొటోలు పంపితే మర్యాదగా చివాట్లు పెట్టారు. పేటెంటు నంబరు చెప్పేది ఒక్కటే, ఈ వస్తువు ఆ తేదీకన్నా ముందుది కాదని. ఆ నంబరును అచ్చులో చెక్కాక ఏళ్ల తరబడి అదే అచ్చులో పోస్తూ ఉంటారు. ఇంటి గోడ మీద ‘స్థాపితం 1940’ అని ఉంటే గోడకు నిన్న వేసిన సున్నం కూడా 1940 నాటిదే అనుకున్నట్టుంది నా లెక్క.

మరి కాలం ఎలా తెలుస్తుంది? ఆకారం బట్టి. మొట్టమొదటి వ్యూయర్లు గుండ్రంగా ఉండేవి, చక్రం పెట్టాలంటే ఆల్చిప్పలా రెండుగా తెరవాలి. తెరవకుండా పైన చీలికలోంచి చక్రం జారవిడిచే పలకటి రకం రెండో ప్రపంచయుద్ధం అయ్యాక వచ్చింది. సేకర్తలు దాన్ని ‘సి’ నమూనా అంటారు, 1946 నుంచి 1955 దాకా చేశారు. ఆ తర్వాతి ‘ఇ’ నమూనాకు తెల్లటి పెద్ద మీట వచ్చింది. నా చేతిలో ఉన్నదానికి చీలిక ఉంది, బేకలైట్ ఉంది, తెల్లటి పెద్ద మీట లేదు. కాబట్టి 1946కు, 1955కు మధ్యది. అంతకన్నా దగ్గరగా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, చెప్పదలచుకోలేదు కూడా. డబ్బాతోపాటు వచ్చిన చక్రం మీద ఒక సంవత్సరం అచ్చయి ఉంది కానీ అదీ పనికిరాదు. చక్రాలు తర్వాత ఎప్పుడైనా కొనవచ్చు. తాతయ్య గడియారానికి కొత్త బెల్టు వేసినంత మాత్రాన గడియారం కొత్తది కాదు కదా.

రెండో తప్పు అమ్మ బయటపెట్టింది. అటక మీద నుంచి మా డబ్బా దింపించి, ఫొటో తీసి పంపింది. చూస్తే మాది ఇది కానేకాదు! తేలికైన ప్లాస్టిక్కు, అంచులు వేరు, మీట వేరు, పైగా ఆ మీట విరిగిపోయి ఉంది. దుకాణంలో చూడగానే ‘మా డబ్బాయే’ అని గుండె కొట్టుకున్నదంతా రెండు గాజుల పోలికకే. ఇరవై ఏళ్ల జ్ఞాపకం రంగును, బరువును మరిచిపోయి, కళ్లకు ఆనించుకునే ఆ భంగిమను మాత్రం దాచుకుంది. అమ్మ పంపిన రెండో ఫొటోలో చక్రం కవరు ఉంది. దాని మీద చిన్న అక్షరాల్లో పటేల్ ఇండియా, బొంబాయి. అంటే మాది పోర్ట్‌లాండ్‌లో పుట్టింది కాదు. వ్యూ-మాస్టర్‌ను అనుమతితో బయటి దేశాల్లోనూ తయారుచేసేవారు. బెల్జియంలో ఒకచోట, మన దేశంలో బొంబాయిలో ఒకచోట. మా డబ్బా ఆ బొంబాయి కొమ్మది.

సరే, కొమ్మ బొంబాయిది, వేరు ఇక్కడిది. ఈ సాయర్స్ ఎవరో తేలాలి.

పోర్ట్‌లాండ్ నడిబొడ్డున కౌంటీ గ్రంథాలయం ఉంది. సభ్యత్వానికి డబ్బు అడగరు, ఊళ్లో ఉంటున్నట్టు రుజువు చూపిస్తే చాలు. అక్కడ పాత నగర డైరెక్టరీలు ఉంటాయి. టెలిఫోను డైరెక్టరీకి అక్క వంటివి. ఊళ్లో ఎవరు ఎక్కడ ఉంటున్నారు, ఏం పని చేస్తున్నారు, ఏ వ్యాపారం ఏ వీధిలో ఉందని ఏటేటా అచ్చువేసేవారు. వెనక భాగంలో వ్యాపారాలు రకాల వారీగా ఉంటాయి. 1930ల చివరి సంపుటం తీసి ఆటబొమ్మల తయారీదారుల కింద వెతికాను. సాయర్స్ లేదు. టోకు బొమ్మల వ్యాపారుల కింద లేదు. ఆటవస్తువుల కింద లేదు. ఒక మధ్యాహ్నమంతా అలా పోయింది.

బల్ల దగ్గర ఉన్న గ్రంథాలయ ఉద్యోగినికి గోడు చెప్పుకుంటే, ఆమె నా కాగితం చూసి, “బొమ్మల కింద ఎందుకు వెతుకుతున్నారు?” అంది.

“బొమ్మ కదండీ.”

“మీకు బొమ్మ. వాళ్లకు ఏమిటో?”

పేరు పట్టుకుని వెళ్తే ఫొటోలు కడిగే సంస్థల కింద దొరికింది. నేను వెతుకుతున్నది బొమ్మల కంపెనీని కాదు, ఫిల్ములు కడిగి ప్రింట్లు వేసి ఇచ్చే స్టూడియోను! ఆ ఒక్క మాటతో మిగతా కథంతా వరసలో పడింది.

సాయర్స్ మొదట్లో ఫొటోలు కడిగే సంస్థ. మందుల షాపుల్లో జనం ఇచ్చే ఫిల్ములు పోగుచేసి కడిగేవారు. తర్వాత పోస్టుకార్డుల్లోకి దిగి, చూడదగ్గ ప్రదేశాల కార్డులు అచ్చువేయడంలో దేశంలోనే పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఇక గ్రూబర్ జర్మనీ నుంచి వచ్చినాయన, పియానోలు శ్రుతి చేయడం వృత్తి, ఫొటోలు పిచ్చి. 1938లో ఆయన ఆరెగాన్ గుహల దగ్గర రెండు కెమెరాలను పక్కపక్కన ఒకే స్టాండుకు బిగించి ఫొటోలు తీస్తుంటే, సాయర్స్ అధ్యక్షుడు హెరాల్డ్ గ్రేవ్స్ అటువైపు వచ్చాడు. ఇదేమిటని అడిగాడు. రెండు కళ్లు ఎడంగా ఉండటం వల్ల ఒకే దృశ్యం రెండు కళ్లకూ కొంచెం తేడాగా కనబడుతుంది. ఆ తేడాను బట్టే మనసు దూరాన్ని కొలుస్తుంది. రెండు కెమెరాలతో ఆ తేడాను పట్టి, ఎడమ బొమ్మను ఎడమ కంటికి, కుడి బొమ్మను కుడి కంటికి చూపిస్తే లోతు తిరిగి వస్తుంది. ఇది గ్రూబర్ కనిపెట్టింది కాదు, అప్పటికి వందేళ్ల నాటి విద్య. కొత్త సంగతి ఏమిటంటే, కోడాక్ వాళ్ల కోడాక్రోమ్ రంగుల ఫిల్ము అప్పటికి రెండు మూడేళ్ల కిందటే బజారులోకి వచ్చింది. చిన్న ముక్కలోనే బోలెడంత వివరం, రంగు పట్టేది. ఆ ముక్కలను ఒక అట్ట చక్రం అంచున అమర్చి తిప్పవచ్చని గ్రూబర్‌కు తోచింది. పోస్టుకార్డుల వాళ్లకు అది పోస్టుకార్డుకు తరువాతి మెట్టులా కనిపించింది. 1939లో అమ్మకానికి పెట్టారు.

అమ్మింది పిల్లలకు కాదు. ఫొటో దుకాణాల్లో, చూడదగ్గ ప్రదేశాల్లోని అంగళ్లలో, యాత్రలకు వచ్చిన పెద్దవాళ్లకు అమ్మారు. గ్రాండ్ కాన్యన్ చూసి వచ్చినవాడు ఇంటికి వెళ్లాక నలుగురికి చూపించుకోవడానికి. యుద్ధకాలంలో అమెరికా సైన్యం కూడా లక్ష వ్యూయర్లు తీసుకుంది, ఆకాశంలో పోతున్న విమానం ఎవరిదో, ఎంత దూరంలో ఉందో గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి. 1951లో సాయర్స్ తమకు పోటీగా ఉన్న ట్రూ-వ్యూ అనే సంస్థను కొన్నారు. దానితోపాటు డిస్నీ బొమ్మల హక్కులు వచ్చాయి. పిల్లల వైపు తిరుగుడు అక్కడ మొదలైంది. ‘వ్యూ-మాస్టర్’ అనే పేరు మాత్రం గ్రూబర్‌కు నచ్చలేదట, రొట్టెలు కాల్చే యంత్రం పేరులా ఉందని. ఆయన మాట చెల్లి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. కానీ మా ఇంట్లో దానికి తాజ్‌మహల్ డబ్బా అనే పేరు పెట్టుకున్నాం కాబట్టి మాట్లాడే హక్కు నాకు లేదు.

సాయర్స్ పేరు ఎప్పుడు పోయిందో ఇక తేలిక. 1966లో జి.ఎ.ఎఫ్. అనే ఫిల్ము, రసాయనాల సంస్థ కొనేసింది. వస్తువు మీద సాయర్స్ బదులు ఆ మూడక్షరాలు వచ్చాయి. 1981లో మళ్లీ చేతులు మారింది, 1989లో టైకో, 1997లో మాటెల్ అనే ఆటబొమ్మల సంస్థల చేతికి వెళ్లింది. వ్యూ-మాస్టర్ అనే పేరు బతికే ఉంది, దాని కింద యజమాని పేరే మారుతూ వచ్చింది. అందుకే పాత వస్తువు చేతికి వస్తే పెద్ద అక్షరాలను కాదు, చిన్న అక్షరాలను చదవాలి. పెద్ద అక్షరాలు అమ్మడానికి వేసినవి. ఎవరు చేశారన్నది చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

దుకాణం ఆవిడ పిన్ని పనిచేసిన ఫ్యాక్టరీ ఊరికి పడమర, బీవర్టన్ వైపు హాల్ బూలెవార్డ్ దగ్గర ఉండేది, 1951లో కట్టారు. ఆడవాళ్లు బల్లల దగ్గర కూర్చుని గోరంత ఫిల్ము ముక్కలను చక్రాల్లో అమర్చేవారట. ఇదంతా ముచ్చటగా వింటూ ఉంటే ఆవిడ గొంతు తగ్గించి, “ఆ నీళ్ల సంగతి చదివావా?” అంది. తర్వాత చదివాను. ఫ్యాక్టరీకి తాగునీరు ఆవరణలోని బావి నుంచే. 1998లో ఆ నీటిలో ట్రైక్లోరోఇథిలీన్ ఉన్నట్టు పరీక్షలో బయటపడింది. జిడ్డు వదిలించడానికి ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి వాడిన ద్రావకం అది, భూమిలోకి ఇంకి బావికి చేరింది. వేలమంది ఆ నీళ్లు తాగారు. 2001లో అక్కడ తయారీ ఆగిపోయింది. వాళ్ల పిన్నికి ఏమైందని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పక్కనున్న పింగాణీ కప్పులు సర్దుతూ ఉండిపోయింది.

చక్రం సంగతికి వస్తాను, ఎందుకంటే నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టుకున్నది అదే. పోర్ట్‌లాండ్ డబ్బాతో వచ్చిన చక్రాన్ని ఒక రాత్రి దీపం ముందు పెట్టి లెక్కపెట్టాను. అంచున 14 ఫిల్ము ముక్కలు, కానీ దృశ్యాలు 7. ఎదురెదురుగా ఉన్న రెండు ముక్కలు ఒక జత. మరి ఏడే ఎందుకు? ఆరో ఎనిమిదో పెట్టవచ్చు కదా అని కాగితం మీద గీసుకుని చూశాను. 14 గడులకు వరసగా అంకెలు వేస్తే ఒకటికి ఎదురుగా ఉండేది ఎనిమిది. ఒకటి బేసి, ఎనిమిది సరి. మీట ఒకసారి నొక్కితే చక్రం రెండు గడులు జరుగుతుంది. కాబట్టి ఎడమ గాజు ముందుకు ఎప్పుడూ బేసి గడులే వస్తాయి, కుడి గాజు ముందుకు ఎప్పుడూ సరి గడులే. ఎడమ కంటి బొమ్మ పొరపాటున కూడా కుడి కంటికి పోదు. అదే ఆరు దృశ్యాలు, 12 గడులు అనుకోండి. ఒకటికి ఎదురుగా ఏడు వస్తుంది, రెండూ బేసే. నాలుగోసారికి కుడి కంటి బొమ్మ ఎడమ గాజు ముందుకు వచ్చి కూర్చుంటుంది, లోతు తలకిందులవుతుంది. ఏడు అనే అంకె వెనుక శాస్త్రం ఇంతే. కానీ అది తేలిన రాత్రి నిద్రపట్టలేదు.

1939 నుంచి చక్రం కొలత మారలేదని చదివాక నాకు ఒక కోరిక పుట్టింది. మా బొంబాయి చక్రాన్ని ఈ పోర్ట్‌లాండ్ డబ్బాలో పెట్టి చూడాలి. సంక్రాంతి తర్వాత గుంటూరు నుంచి మా తరగతి అబ్బాయి ఒకడు వస్తుంటే అతనితో పంపమని అమ్మను అడిగాను. ఆవకాయకు దూరంగా పెట్టమని మూడుసార్లు చెప్పాను. అట్టకు నూనె పీల్చుకునే గుణం ఉంది, ఫిల్ము మీద మరక పడితే ఇక పోదు. అమ్మ దాన్ని పాత పెళ్లి శుభలేఖలో పెట్టి, శుభలేఖను నా చిన్నప్పటి అట్లాసులో పెట్టి పంపింది.

పైన చీలికలో జారవిడిస్తే టక్కుమని కూర్చుంది. బొంబాయిలో 1970లలో చేసిన చక్రం, పోర్ట్‌లాండ్‌లో అంతకు ఇరవై ముప్ఫై ఏళ్ల ముందు చేసిన డబ్బా. కిటికీ వైపు తిప్పి కళ్లకు ఆనించుకున్నాను. తాజ్‌మహల్ లేచి నిలబడింది, కానీ గులాబీ రంగులో. ఆకాశం కూడా గులాబీయే. డబ్బాతో వచ్చిన పాత చక్రంలో ఆకాశం ఇంకా నీలంగానే ఉంది. కోడాక్రోమ్ చీకట్లో ఉంచితే రంగు విడవదు. తర్వాతి రోజుల్లో వాడిన చవక ఫిల్ముల్లో మిగతా రంగులు ముందు వెలిసి, ఎరుపు మిగిలిపోతుంది. మా చక్రం ఆ రెండో జాతిది. సేకర్తలు ఇలాంటి చక్రాలను అర డాలరుకు కూడా ముట్టుకోరు.

మీట నొక్కాను. రెండో బొమ్మ. మళ్లీ నొక్కాను. గుమ్మటం పక్కన వేగుచుక్క అలాగే మిలమిలలాడుతోంది, ముందుకూ వెనక్కూ ఎక్కడా నిలవకుండా. ఎడమ కన్ను మూశాను. చుక్క పోయింది. కుడి కన్ను మూశాను. చుక్క వచ్చింది. చక్రం బయటికి తీసి దీపానికి అడ్డంపెట్టి చూస్తే, ఆ జతలో ఎడమ కంటి ముక్కకు మాత్రం గుండుసూది మొన అంత రంధ్రం ఉంది. ఒక కంటికే కనబడే వెలుగును ఏ దూరంలో పెట్టాలో మనసుకు తెలియదు. అందుకే అది అలా తెరమీద ఈత కొట్టినట్టు ఉంటుంది.

అమ్మకు ఫోను చేసి, “అది వేగుచుక్క కాదు, ఎవరో సూదితో పొడిచారు” అన్నాను.

“ఎవరో ఏమిటి? నువ్వే. నాలుగేళ్లప్పుడు. నువ్వు ఏడుస్తుంటే మీ నాయనమ్మ ఆ మాట చెప్పింది” అంది అమ్మ. “ఇంతకీ అట్లాసు చూశావా? అందులో ఐదువందలు పెట్టాను, అక్కడ చెల్లవు గానీ.”